పంబ వాయించినవాడి పేరు

నా ముందున్న కాగితం మీద నాలుగు ముక్కలే ఉన్నాయి. ‘పంబ. జానపద చర్మవాద్యం. చెక్క, ఇత్తడి, తోలు. తయారీదారు అజ్ఞాతం.’ విజయవాడలో జరగబోయే ఒక చిన్న ప్రదర్శన కోసం కృష్ణా డెల్టా గ్రామాల నుంచి సేకరించిన ఆరాధనా వస్తువుల మీద కేటలాగు వ్యాసం రాయమని నన్ను అడిగారు. ముప్పై వస్తువులు, ముప్పై ఛాయాచిత్రాలు, ఒక్కొక్కదాని కింద నాలుగైదు పంక్తుల వివరం, ముందు ఒక పరిచయ వ్యాసం. పని తేలికగానే కనిపించింది. పంబ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

కేటలాగులో ఒక వస్తువుకు రాసే వివరానికి నియమిత రూపం ఉంటుంది. పేరు, పదార్థం, కొలతలు, కాలం, తయారీదారు, దొరికిన చోటు, మ్యూజియానికి చేరిన దారి. ఈ చివరి గడి కీలకమైనది. వస్తువు ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి, ఏ షరతు మీద వచ్చిందో చెప్పేది అదే. పంబకు ఆ గడిలో ‘దానం’ అని ఉంది. పక్కన దాత పేరు ఉంది. ఆ ఇంటిపేరు ఆ గ్రామంలో భూములున్న కుటుంబానిది. ఆ కుటుంబంలో ఎవరూ, ఏ తరంలోనూ, పంబను భుజానికి తగిలించుకుని ఉండరని ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. వాయించినవాడు అజ్ఞాతుడు, ఇచ్చినవాడు దాత. కులం ఏయే వస్తువులను తాకనిస్తుందో మనకు తెలుసు. ఏయే గడులను ఖాళీగా ఉంచుతుందో ఆ కాగితం చెప్పింది.

ఈ డెల్టాలోనే దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించాడు. అప్పటికి ఆ ఊరు కృష్ణా జిల్లాలోనే ఉండేది. స్తూపగర్భంలో రాతి మంజూషలు మూడు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, వాటితోపాటు అస్థిధాతువు. రాతి మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. బ్యూలర్ వాటిని చదివి ప్రకటించాడు. మొదటి మంజూష మీద కుర అనే వ్యక్తి, అతని తండ్రి, అతని తల్లి ప్రస్తావన ఉంది. బుద్ధుని శరీరధాతువులను ఉంచేందుకు ఈ మంజూషనూ స్ఫటికపు భరిణెనూ చేయించామని వారు చెప్పుకున్నారు. మరో మంజూష మీద గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. వస్తువు ఏమిటి, దేనితో చేశారు, ఎవరు చేయించారు, ఎందుకు చేయించారు అన్న నాలుగు ప్రశ్నలకూ రెండువేల ఏళ్లకు పూర్వమే రాతి మీద జవాబు ఉంది. తెలుగునేల మీద నాకు తెలిసిన మొదటి కేటలాగు వివరం అదే.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగినది. భరిణెలూ మంజూషలూ మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. అస్థిధాతువు మాత్రం మ్యూజియం వస్తువుగా మిగలలేదు. అది ఆరాధకులకు చెందవలసినదని అనగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సొసైటీ వైపు నుంచి వినిపించిన మాటను నాటి ప్రభుత్వం మన్నించింది. కలకత్తాలో సొసైటీ కట్టిన ధర్మరాజిక చైత్య విహారంలో 1920లో దానిని ప్రతిష్ఠించారు. పెట్టె చూసేవారికి, ధాతువు మొక్కేవారికి. ఈ విభజన సరైనదా కాదా అన్నది వేరే చర్చ. వస్తువును వెలికితీసిన ప్రభుత్వమే ‘ఇది ఎవరికి పవిత్రం?’ అని ఒకసారి ఆగి ఆలోచించిందన్నది మనకు ఇక్కడ కావలసిన విషయం. ఆలోచించడానికి కారణం, అడగడానికి ఒక సంస్థ, ఆ సంస్థకు ఇంగ్లీషులో ఉత్తరం రాయగల చేయి ఉండటమే. పంబకు ఆ చేయి లేదు.

పంబ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంత చెప్పాలి. ఒకదానికొకటి జోడించి కట్టిన రెండు పొడవాటి చర్మవాద్యాలు అవి. వాయించేవాడు వాటిని నడుము దగ్గర అడ్డంగా తగిలించుకుని పుల్లలతో మోగిస్తాడు. నేను చూసిన జతలో ఒకటి చెక్కది, ఒకటి ఇత్తడిది. కొలుపులో దాని పని పాటకు తాళం వేయడంతో అయిపోదు. కొలుపంటే గ్రామదేవతకు చేసే ఆరాధన. నేల అలికి, బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, బొగ్గుపొడితో దేవత రూపాన్ని ముగ్గుగా తీరుస్తారు. పంబ మోగుతుండగా అంకమ్మ కథ చెబుతారు. ఆ మోతతోనే అమ్మవారు వస్తుందని నమ్మకం. కొలుపు ముగిసేసరికి ముగ్గు చెరిగిపోవాలి. చెరిపివేయడం కూడా ఆరాధనలో భాగమే.

ఈ పని చేసేవారికి ఈ వాద్యమే పేరు పెట్టింది. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ ‘పంబల’ అన్న పేరు కింద ఈ సంగతే నమోదు చేశాడు. మాలల్లో పెళ్లిళ్లకూ గ్రామదేవతల ఉత్సవాలకూ వాయించేవారు, అంకమ్మ కథ చెప్పడంలోనూ ముగ్గులు వేయడంలోనూ పాలుపంచుకునేవారు అని రాశాడు. ఈ థర్‌స్టన్ ఎవరు? 1885 నుంచి రెండు దశాబ్దాలకు పైగా మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటు. భట్టిప్రోలు మంజూషలు దొరికిన కాలంలో ఆ మ్యూజియం అతని చేతి కిందే ఉంది. ఒకవైపు అద్దాల బీరువాల్లో వస్తువులు. మరోవైపు మనుషుల ముక్కుల పొడవు వెడల్పులను పరికరాలతో కొలిచి కులాల వారీగా పట్టికలు. కుర కుటుంబం పేరు రాతి మీద చదివి గౌరవించిన కాలమే పంబలవారిని మనుషులుగా కాక ఒక నమూనాగా పుస్తకంలోకి ఎక్కించింది.

స్వతంత్ర భారతంలోనూ ఆ పేరు నిలిచింది. మన షెడ్యూల్డ్ కులాల జాబితాను తీసి చూడండి. పంబల ఉంది. కొలుపులవాండ్లు ఉంది. ఎల్లమ్మలవాండ్లు, మాతంగి, బిండ్ల, చిందోళ్లు ఉన్నాయి. వీటిలో కొన్ని వాద్యం నుంచీ, కొన్ని దేవత నుంచీ, కొన్ని ఆరాధన నుంచీ వచ్చిన పేర్లు. ఒక్కమాటలో ఆ జాబితా సగం ఆరాధనా వస్తువుల కేటలాగు. వస్తువు మనిషికి కులనామమై అతని ధ్రువపత్రం మీద చేరింది. అదే వస్తువు మ్యూజియంలోకి వెళ్లగానే కులం రాలిపోయి ‘జానపదం’ అయింది. ‘జానపదం’ అన్న మాట తప్పని అనను. అది అందరిదీ అని చెబుతూ ఎవరిదీ కాకుండా చేస్తుంది, అదే నా అభ్యంతరం.

అందుచేత వివరం రాయడానికి ముందు ఆ పంబ వచ్చిన ఊరికి వెళ్లాను. ఊరి పేరు ఇక్కడ రాయను. కారణం తరువాత చెబుతాను. మాలపల్లెలో ఆ పంబ వాయించిన ఇంటి పెద్దాయన డెబ్బై దాటినవాడు. ఫొటో చూడగానే గుర్తుపట్టాడు. ఇత్తడి అంచు మీద సొట్ట తన చిన్నతనంలో పడిందని చెప్పాడు. ‘వాయిద్యం’ అని నేనన్న మాటను సరిదిద్దాడు.

‘కొలుపులో కూర్చోబెడితే అమ్మండీ. మూల పెడితే తోలండీ. మీరెక్కడ పెడతారో అదీ చూసుకోండి.’

పంబ ఎలా చేతులు మారిందని అడిగాను. ఒక కరువు ఏడాది ధాన్యం అప్పు కింద వాళ్ల నాన్న దానిని ఆసామి ఇంట పెట్టాడట. కొలుపు వచ్చినప్పుడల్లా అడిగి తెచ్చుకుని, వాయించి, మళ్లీ ఇచ్చేవారట. కొన్నాళ్లకు కొలుపులు ఆగాయి, అడగడమూ ఆగింది. మూడు తరాల తరువాత ఆ ఇంటివారు పశువుల కొట్టం పడగొడుతూ అటక మీది సామాను మ్యూజియానికి ఇచ్చారు. వారిది దురుద్దేశమని నేననను. తమ ఇంట్లో దొరికింది కనుక తమదనుకున్నారు. అయితే ‘దానం’ అన్న గడిలో నేను ఏం రాయాలి? తాకట్టు వస్తువును దానం చేసే హక్కు ఎవరికుంది?

చట్టం ఇక్కడ సాయపడదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే సాధారణంగా నూరేళ్లు నిండి ఉండాలి. ఈ పంబకు అంత వయసు లేదు. ఉన్నా ఆ చట్టం వస్తువు దేశం దాటకుండా చూస్తుంది తప్ప పల్లె దాటడాన్ని పట్టించుకోదు. అమెరికాలో 1990 నాటి చట్టం ఆదివాసుల పవిత్ర వస్తువులను వారికి తిరిగి ఇచ్చే దారి చూపింది. 2024 జనవరిలో అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలు ప్రదర్శనకు ముందే ఆ సమూహాల సమ్మతి తీసుకోవాలన్నాయి. న్యూయార్కులోని సహజచరిత్ర మ్యూజియం ఆ నెలలోనే రెండు పెద్ద గదులను మూసివేసింది. మన దగ్గర అలాంటి నిబంధన లేదు. కాబట్టి సమ్మతి అడగాలా వద్దా అన్నది కేటలాగు రాసేవాడి మర్యాదకు మిగిలిపోయింది.

పెద్దాయనను సమ్మతి అడిగాను. ఇక్కడే నా లెక్క తప్పింది. ఆయన ‘తిరిగి ఇవ్వండి’ అంటాడని, నేను ఆయన పక్షాన వాదిస్తానని లోలోపల సిద్ధపడి వెళ్లాను. ఆయన అలా అనలేదు. డిగ్రీ చదువుతున్న మనవరాలు అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆమె లోపలికొచ్చి కూర్చుంది.

‘అది ఇంటికొస్తే మళ్లీ ఊళ్లో కొలుపుకి రమ్మంటారండీ. రానంటే గొడవ. మా తాత వాయించాడని రాయండి. మేము వాయించాలని ఎవరికీ అనిపించకుండా రాయండి.’

ఈ మాటలను నేను చదివిన మ్యూజియం నీతి నియమావళులేవీ ఊహించలేదు. పవిత్ర వస్తువును దాని సమూహానికి ఇవ్వడమే న్యాయమని అవి అనుకుంటాయి. వస్తువుతోపాటు వెట్టి కూడా తిరిగి వస్తుందేమోనన్న భయం కులవ్యవస్థలో బతికినవారికే తెలుసు. పంబ ఆ కుటుంబానికి విద్య. అదే సమయంలో పిలిస్తే పోక తప్పని ఊడిగం. అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ బిల్లు తెచ్చినప్పుడు కూడా ఇదే ముడి. వంశపారంపర్యంగా వచ్చిన ఊరి పని గౌరవమా సంకెలా అన్న ప్రశ్నకు ఆయన సంకెల అనే జవాబిచ్చాడు. పంబ కళను పొగుడుతూ నేను రాయబోయిన పరిచయ వ్యాసంలో ‘ఈ విద్యను కొత్త తరం కొనసాగించాలి’ అన్న వాక్యం ఒకటి ఉంది. ఆ రాత్రే కొట్టేశాను.

మరొక చిక్కు పేరు దగ్గర వచ్చింది. ‘తయారీదారు అజ్ఞాతం’ తీసేసి ఆ కుటుంబం పేరు అచ్చువేయాలన్నది నా పట్టుదల. కుర కుటుంబానికి దక్కిన గౌరవం ఈ కుటుంబానికీ దక్కాలి కదా. పెద్దాయన నవ్వాడు. వాళ్ల ఇంట్లో రెండు తరాలుగా చర్చికి వెళ్తున్నారు. డెల్టాలో ఇది వింత కాదు. రాఘవాపురం మాలవాడ నుంచి పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఈ దారి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది. క్రైస్తవులకు లేదు. కొలుపు చేసిన ఇల్లని పేరుతో అచ్చయితే సంఘంలో మాట పడాలి. చర్చికి వెళ్తారని అచ్చయితే ధ్రువపత్రం మీద ఎవరైనా అర్జీ పెట్టవచ్చు. ఒకే పేరుకు రెండు వైపులా ప్రమాదం. ఊరి పేరు రాయనని ముందే అన్నది ఇందుకే. కుర కుటుంబం తమ పేర్లను రాతి మీద చెక్కించుకోగలిగింది. ఈ కుటుంబం తమ పేరును కాగితం మీద కూడా రాయనివ్వలేని స్థితిలో ఉంది. అజ్ఞాతం అనే మాటకు ఇది రెండో అర్థం. మొదటిది ఎవరూ అడగనందున పేరు తెలియకపోవడం. రెండోది అడిగాక, చెప్పాక, దాచమన్నందుకు దాచడం. కేటలాగులో ఈ రెండూ ఒకే మాటగా కనిపించకూడదు.

ఇక ప్రదర్శన సంగతి. పెద్దాయన మూడే కోరాడు. పంబను నేల మీద పెట్టవద్దు. వచ్చినవాళ్లు సరదాకు కొట్టి చూసేలా అందుబాటులో ఉంచవద్దు. ఏడాదికొకసారి తాను వస్తే పసుపు, కుంకుమ పెట్టనివ్వాలి. మొదటి రెండింటికీ నిర్వాహకులు వెంటనే ఒప్పుకున్నారు. మూడోదానికి సంరక్షణ చూసే ఉద్యోగి అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం ఛాందసం కాదు. తడి కుంకుమ తోలులో తేమను పెంచుతుంది, పిండిపదార్థం పురుగును పిలుస్తుంది, ఒక వస్తువుకు పట్టిన పురుగు గదిలో అన్నిటికీ పాకుతుంది.

అయితే ఆయనే మరో మాట కూడా చెప్పారు. శుభ్రం చేసే పట్టికలో ‘ఉపరితల మాలిన్యం తొలగించాలి’ అన్న పంక్తి ఉంది. పంబ తోలు మీద పేరుకున్న ఎర్రటి పొర ఆ పంక్తి కిందికే వస్తుంది. అది మాలిన్యం కాదు, దశాబ్దాల కుంకుమ. దానిని తుడిచేస్తే వస్తువు ఆరాధనలో వాడినదన్న సాక్ష్యమే పోతుంది. ఇక్కడికి దగ్గరలోనే పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ, గోపయ్యల కొయ్య విగ్రహాలను రెండేళ్లకోసారి జగ్గయ్యపేటకు తీసుకెళ్లి కొత్తగా రంగులు వేస్తారు. దానిని రంగుల ఉత్సవం అంటాం. దేవత మీద పడిన పొర ఉత్సవం, పంబ మీద పడిన పొర మాలిన్యం అయితే ఆ తేడా రసాయనశాస్త్రం చెప్పినది కాదు.

చివరకు ఒక మధ్యమార్గం కుదిరింది. ఎర్రటి పొరను ముట్టుకోరు. పురుగు రాకుండా మందు చల్లరు. పాత మ్యూజియాలు తోలు వస్తువులకు ఆర్సెనిక్ వంటి విషాలు పూసేవి. అలా పూసిన వస్తువులను తరువాత సొంతదారులకు తిరిగి ఇచ్చినప్పుడు వాటిని చేతితో తాకడమే ప్రమాదమైన ఉదంతాలు అమెరికాలో ఉన్నాయి. ఈ పంబ ఇవాళ ఇంటికి రాకపోయినా, ఎప్పటికైనా ఆ కుటుంబం అడిగితే తాకగలిగేలా ఉండాలి. పసుపు, కుంకుమలను తోలు మీద కాక పంబను నిలిపే పీఠం మీద పెట్టనిస్తారు, తరువాత పీఠాన్ని తుడుస్తారు. పెద్దాయనకు ఇది పూర్తిగా నచ్చలేదు. ‘సర్లెండి, అమ్మకి తెలుసు’ అన్నాడు. దానిని నేను సమ్మతిగా కాక సర్దుబాటుగానే నమోదు చేశాను.

ముగ్గు ఛాయాచిత్రాన్ని కేటలాగు నుంచి తీసేయమని నేనే అడిగాను. ఎప్పుడో ఎవరో తీసిన ఫొటో అది, చూడటానికి ఎంతో అందంగా ఉంది. చెరిగిపోవడానికే వేసినదాన్ని నిలిపి ఉంచడం, అదీ వేసినవారిని అడగకుండా, ఈ వ్యాసం పేరుతో చేయకూడదనిపించింది. ఆ పుటలో ముగ్గుకు వాడే రంగుపొడుల వివరం మాత్రమే ఉంటుంది.

పంబ కింద ఇప్పుడు రాసిన వివరం ఇది: ‘పంబ, రెండు వాద్యాల జత. చెక్క, ఇత్తడి, తోలు. తోలు మీద ఆరాధనలో పెట్టిన కుంకుమ. కృష్ణా డెల్టాలోని ఒక మాలపల్లెలో పంబల కుటుంబం అంకమ్మ కొలుపుల్లో వాయించినది. వాయించినవారి పేరు మాకు తెలుసు. వారి కోరిక మీద ఇక్కడ రాయలేదు. ధాన్యం అప్పుకు తాకట్టుగా భూస్వామి ఇంటికి చేరింది. ఆ ఇంటి వారసులు మ్యూజియానికి అప్పగించారు. వాయించిన కుటుంబం అడిగినప్పుడు తిరిగి ఇవ్వవలసిన వస్తువు.’

చివరి వాక్యం మీద ఇంకా చర్చ నడుస్తోంది. అలా రాస్తే మిగిలిన ఇరవైతొమ్మిది వస్తువులకూ ఇదే అడుగుతారని నిర్వాహకుల్లో ఒకరి భయం. ఆ భయం నిజమే. ఆ ఇరవైతొమ్మిదిలో పదకొండింటి దగ్గర ‘దానం’ అనీ ‘అజ్ఞాతం’ అనీ ఒకే పంక్తిలో ఉన్నాయి. వచ్చే వారం వాటిలో రెండోదాని ఊరికి వెళ్తున్నాను.